మనిద్దరమే పోదామన్నాడు, దీన్ని డేట్ అనుకోవాలా?

ప్రశ్న: అక్కా, నాకు 25 ఏళ్లు. నల్గొండలో ఉద్యోగం. రెండు నెలల కింద బ్రేకప్ అయింది. డిగ్రీ నుంచి మాది ఆరుగురి గ్యాంగ్. అందులో ఒకతను మొన్న మెసేజ్ పెట్టాడు: "ఆదివారం పానగల్లు పోదామా? గుడి చూసి ఉదయసముద్రం కట్ట మీద కాసేపు కూర్చుందాం." మిగతావాళ్లకు కూడా చెప్పనా అంటే, "ఈసారి వద్దులే, మనిద్దరమే" అన్నాడు. ఇంతకుముందు ఎప్పుడూ ఇట్లా పిలవలేదు. సరే అన్నాను గానీ ఒకటే టెన్షన్. ఇది డేటేనా? పోకపోతే స్నేహం చెడిపోతుందేమో.

జవాబు: చెల్లీ, ఆ మెసేజ్‌ను ఎన్నిసార్లు చదివినా జవాబు అందులో దొరకదు. "మనిద్దరమే" అన్నందుకే డేట్ అయిపోదు. అయిదుగురి ముందు నువ్వు నవ్వుతూ తిరుగుతున్నావు, లోపల ఎట్లున్నావో అడుగుదామని కూడా పిలిచి ఉండొచ్చు. బ్రేకప్ అయిన మనిషిని గుంపులో పెట్టి ఎవరూ మనసు విప్పమనరు కదా.

అయితే ఎన్నడూ లేనిది ఇప్పుడే ఎందుకు అన్న నీ అనుమానం కూడా ఉత్తదేం కాదు. ఈ మధ్య అర్ధరాత్రి దాకా చాటింగ్ చేస్తున్నాడా? నీ పాత ప్రేమ గురించి పదేపదే తవ్వుతున్నాడా? కలుస్తున్నట్టు గ్యాంగ్‌లో ఎవరికీ చెప్పొద్దన్నాడా? ఈ చివరిది ఉంటే మాత్రం అతని మనసులో ఏదో ఉందనే అనుకుంటాను.

అతని మనసులో ఏమున్నా, నువ్వు కూడా అనుకుంటేనే అది డేట్. అందుకే ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే ఇట్లా రాసెయ్: "తప్పకుండా వస్తా. ఫ్రెండ్స్‌లాగానే కదా? నేనింకా పాతదాంట్లోంచి బయటపడలేదు, వేరే ఆలోచన చేసే ఓపిక లేదు. అందుకే ముందే అడుగుతున్నా." ఇందులో అతన్ని తప్పు పట్టింది ఏమీ లేదు. స్నేహమే అయితే "అంతేగా" అంటాడు. ఇష్టమే అయితే, నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఇరుకున పెట్టకముందే చెప్పే వీలు దొరుకుతుంది. ఇంత మాటకే చెడేటంత పలుచని స్నేహం కాదు మీది, డిగ్రీ నుంచి నిలబడింది.

ఒకవేళ అతను పిలిచినందుకు నీకు లోపల కాస్త సంతోషం అనిపిస్తే, దానికి సిగ్గుపడకు. కానీ రెండు నెలల ఒంటరితనంలో ఎవరు దగ్గరగా మాట్లాడినా అట్లాగే అనిపిస్తుంది. ఆ ఊపులో ఏ మాటా ఇవ్వకు. అతను ఇష్టమని చెప్తే "ఇప్పుడు కాదు" అను, నిజంగా వద్దనుకుంటే "కాదు" అనే చెప్పు. ఆశపెట్టి ఆపొద్దు.

పోయేటప్పుడు నీ బండి మీద నువ్వు పో, లేవాలనిపించినప్పుడు లేచి రావొచ్చు. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ చూడాలంటే ఎండ ఉండాలి, కాబట్టి పగటిపూటే రమ్మను. ఇంట్లోనో గ్యాంగ్‌లోనో ఒకరికి చెప్పి బయలుదేరు.