ఎండాకాలం ఎందుకు వస్తుంది? – నాలుగు నిమిషాల యానిమేషన్‌కు స్టోరీబోర్డు

మూలం: ఋతువులపై 50 నిమిషాల తరగతి ఉపన్యాసం (రికార్డింగు)
ప్రేక్షకులు: ఉన్నత పాఠశాల విద్యార్థులు
తెర: 1920 × 1080, అడ్డం
స్వరం: ఒక్కరే, తరగతిలో మాట్లాడినట్టు, తొందర లేకుండా

బొమ్మలు వేసేవారికి, స్వరం ఇచ్చేవారికి ఒక మాట. ఉపన్యాసం భూమి చలనాల నిర్వచనాలతో మొదలవుతుంది. మనం అక్కడ మొదలుపెట్టడం లేదు. పదిహేడో నిమిషంలో ఒక విద్యార్థిని, "సూర్యుడు దగ్గరగా ఉన్నప్పుడే చలి ఎందుకు మేడమ్?" అని అడిగింది. తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ ప్రశ్నే మన మొదటి ఫ్రేమ్. కెప్లర్ చరిత్ర, అక్షం దిశ వేల ఏళ్లలో నెమ్మదిగా మారడం, వర్షాకాలపు గాలులు వదిలేశాను. గాలుల సంగతికి విడిగా ఇంకో వీడియో కావాలి, ఇందులో ఇరికిస్తే రెండూ చెడతాయి.

ఫ్రేమ్ 1 (0:00–0:20)
చిత్రం: ముదురు నీలం తెర. ఎడమన సూర్యుడు, కుడివైపున భూమి, మధ్య సన్నని తెల్లగీత. పైన క్యాలెండర్ ఆకు: జనవరి. గీత కింద "14.71 కోట్ల కి.మీ." ఆకు తిరిగి జూలై వస్తుంది, గీత సాగుతుంది, అంకె "15.21 కోట్ల కి.మీ." అవుతుంది.
వ్యాఖ్యానం: "జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి ఏడాది మొత్తంలో అతి దగ్గరగా ఉంటుంది. జూలై మొదటి వారంలో అతి దూరంగా. తేడా దాదాపు 50 లక్షల కిలోమీటర్లు. అయినా ఉత్తరార్ధగోళంలో చలి జనవరిలో, ఎండలు జూలైలో. ఎందుకు?"
గమనిక: గీత జనవరిలో 600 పిక్సెళ్లుంటే జూలైలో 620 ఉండాలి. అంతకన్నా సాగదీయవద్దు. తేడా ఎంత చిన్నదో కంటికి తెలియడమే ఈ ఫ్రేమ్ చేయాల్సిన పని.

ఫ్రేమ్ 2 (0:20–0:34)
చిత్రం: ప్రపంచ పటం. భూమధ్యరేఖ మీదుగా తెర రెండుగా విడుతుంది. పై సగంలో మంచు పడుతుంది, కింది సగం ఎండతో పచ్చబడుతుంది. క్యాలెండర్ ఆకు జనవరి దగ్గరే కదలకుండా ఉంటుంది.
వ్యాఖ్యానం: "దూరమే కారణమైతే భూమి అంతా ఒకేసారి వేడెక్కాలి, ఒకేసారి చల్లబడాలి. అలా జరగదు. ఉత్తరాన చలికాలం నడిచే జనవరిలోనే దక్షిణాన ఎండాకాలం."

ఫ్రేమ్ 3 (0:34–0:58)
చిత్రం: కక్ష్యను నేరుగా పైనుంచి చూస్తున్నాం. మధ్యలో సూర్యుడు, చుట్టూ భూమి దారి. భూమి అపసవ్య దిశలో కదులుతుంది. మూలన చిన్న అక్షరాలు: "పరిమాణాలు నిష్పత్తిలో లేవు."
వ్యాఖ్యానం: "భూమి తిరిగే దారి ఇది. పేరుకు దీర్ఘవృత్తం. కానీ చూడండి, వృత్తానికీ దీనికీ తేడా కంటికి ఆనదు. దూరంలోని మార్పు వల్ల భూమికి అందే ఎండలో ఏడు శాతం దాకా హెచ్చుతగ్గులు వస్తాయి. అది నిజమే. అయితే ఋతువులను నడిపేది అది కాదు."
గమనిక: ఈ వీడియోలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన బొమ్మ ఇదే. చాలా పుస్తకాల్లో కక్ష్యను పక్కనుంచి, సాగిన గుడ్డు ఆకారంలో గీస్తారు. ఆ బొమ్మను చూసిన పిల్లలు దగ్గరైతే వేడి, దూరమైతే చలి అనుకోవడంలో వింత లేదు, బొమ్మే వాళ్లకు అలా చెబుతోంది. మనం గీసే కక్ష్య వ్యాసం 900 పిక్సెళ్లు. అసలు ఆకారంలో పొడవుకూ వెడల్పుకూ మధ్య తేడా ఒక్క పిక్సెల్‌లో ఏడో వంతు కూడా రాదు. కాబట్టి కచ్చితమైన వృత్తమే గీయండి. సూర్యుడిని మాత్రం కేంద్రం నుంచి ఏడున్నర పిక్సెళ్లు కుడికి జరపండి. మన బొమ్మలో డిసెంబరు, జనవరి కుడి పక్కన వస్తాయి గనుక ఆ జరుపు అటే ఉండాలి. ఎవరూ గమనించకపోవచ్చు, ఉండాల్సిన చోట ఉంటుంది.

ఫ్రేమ్ 4 (0:58–1:10)
చిత్రం: భూమి దగ్గరగా, పక్కనుంచి. నిలువుగా చుక్కల గీత. దాని పక్కన కుడివైపుకు వాలిన ఎర్రని అక్షం. రెంటి మధ్య కోణం తెరుచుకుంటుంది: 23.4°.
వ్యాఖ్యానం: "అసలు కారణం ఇక్కడుంది. భూమి తన కక్ష్యకు నిటారుగా నిలబడి తిరగదు. దాని అక్షం దాదాపు 23.4 డిగ్రీలు వాలి ఉంటుంది."

ఫ్రేమ్ 5 (1:10–1:36)
చిత్రం: కెమెరా కొద్దిగా పైకి లేస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది: ఎడమన జూన్, ముందు సెప్టెంబరు, కుడిన డిసెంబరు, వెనక మార్చి. నాలుగు చోట్లా భూమి నీడబొమ్మ మిగిలిపోతుంది. నాలుగింటిలోనూ ఎర్రని అక్షం ఒకే కోణంలో కుడికే వాలి ఉంటుంది.
వ్యాఖ్యానం: "ఏడాది పొడుగునా అక్షం వాలిన దిక్కు మారదు. ఉత్తరపు కొన ఎప్పుడూ ధ్రువ నక్షత్రం వైపే. (ఐదు సెకన్లు మౌనం. భూమి తిరగనివ్వండి.) వాలు మారలేదు. మారింది, సూర్యుడు ఏ పక్కన ఉన్నాడన్నదే."
గమనిక: ఉపన్యాసంలో మేడమ్ చేతిలో గోళం పట్టుకుని బల్ల చుట్టూ నడిచారు. తన ముఖం ఎటు తిరిగినా గోళం అక్షాన్ని కిటికీ వైపే ఉంచారు. ఆ నడక ఇక్కడికి రావాలి. అక్షం ఒక్క డిగ్రీ ఊగినా పాఠం తప్పవుతుంది, కాబట్టి భూమిని కక్ష్యతో పాటు తిప్పే అమరిక వాడవద్దు. స్థానాన్ని మాత్రమే జరపండి. కక్ష్య ఇక్కడ ఏటవాలుగా కనిపించక తప్పదు. చుట్టు పూర్తయ్యాక కెమెరా ఒకసారి పైకి లేచి వృత్తాన్ని చూపించి దిగాలి.

ఫ్రేమ్ 6 (1:36–1:56)
చిత్రం: జూన్ నీడబొమ్మ పెద్దదవుతుంది. ఉత్తరార్ధగోళం సూర్యుడి వైపు వాలి ఉంది. కింద కొలత గీత: "భూమి వ్యాసం 12,742 కి.మీ." ఆ గీత కుంచించుకుపోయి, 15 కోట్ల కిలోమీటర్ల గీత పక్కన చుక్కగా కూడా మిగలదు.
వ్యాఖ్యానం: "జూన్‌లో ఉత్తర భాగం సూర్యుడి వైపు వాలుతుంది. అలా వాలి దగ్గరైంది కాబట్టే వేడి అనుకోకండి. భూమి మొత్తం వ్యాసమే 13 వేల కిలోమీటర్ల లోపు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. వాలు మార్చేది దూరాన్ని కాదు, కిరణాలు పడే కోణాన్ని."
గమనిక: ఉపన్యాసంలో ఈ అపోహ ప్రస్తావన లేదు, నేను చేర్చాను. వాలు సంగతి తెలిసిన తర్వాత కూడా చాలామంది మళ్లీ దూరం దగ్గరికే వస్తారు. ఇక్కడే ఆపకపోతే ముందు ఫ్రేములన్నీ వృథా.

ఫ్రేమ్ 7 (1:56–2:12)
చిత్రం: చీకటి. నేల మీద గళ్ల కాగితం, పైన టార్చి. నిటారుగా వేస్తే చిన్న గుండ్రని వెలుగు. టార్చి వంగేకొద్దీ వెలుగు సాగి, పలచబడుతుంది. వెలిగిన గళ్లు లెక్కపెట్టేలా కనిపించాలి.
వ్యాఖ్యానం: "టార్చి ఒకటే, వెలుగూ అంతే. నిటారుగా వేస్తే కొద్ది చోట గట్టిగా పడుతుంది. వంచితే ఎక్కువ చోటికి పరుచుకుని పలచబడుతుంది. ఎండ కూడా అంతే."

ఫ్రేమ్ 8 (2:12–2:42)
చిత్రం: తెర రెండు భాగాలు. రెండింటిలోనూ ఒకే చోటు, 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, మధ్యాహ్నం. ఎడమన జూన్: సూర్యుడు 73 డిగ్రీల ఎత్తున. కుడిన డిసెంబరు: 27 డిగ్రీల లోపే. రెండు వైపులా సూర్యుడి నుంచి చదరపు మీటరు మందం ఉన్న కిరణాల పట్టీ దిగుతుంది. నేల మీద వెలిగిన చోటు: ఎడమన 1.04 చ.మీ., కుడిన 2.23 చ.మీ.
వ్యాఖ్యానం: "ఉత్తరాన 40 డిగ్రీల అక్షాంశం మీద ఒక చోటు తీసుకుందాం. జూన్ చివరి వారం మొదట్లో, మధ్యాహ్నం, చదరపు మీటరు మందం ఉన్న ఎండ నేల మీద దాదాపు అంతే చోటులో పడుతుంది. డిసెంబరులో అదే ఎండ రెండు చదరపు మీటర్లు దాటి పరుచుకుంటుంది. అంటే ప్రతి అడుగు నేలకూ అందేది సగం కన్నా తక్కువ. ఏడు శాతం తేడా దీని ముందు ఎంత?"
గమనిక: చివరి ప్రశ్న దగ్గర ఫ్రేమ్ 1లోని గీత, 600 నుంచి 620కి సాగుతూ, కింది మూలన రెండు సెకన్లు కనిపించి పోవాలి. రెండు తేడాలూ పక్కపక్కన చూస్తే ఇక వాదన అక్కర్లేదు.

ఫ్రేమ్ 9 (2:42–3:00)
చిత్రం: అదే చోటు. ఆకాశంలో సూర్యుడి దారి విల్లులా. జూన్ విల్లు పెద్దది, డిసెంబరు విల్లు చిన్నది. పక్కన గడియారాలు: 15 గంటలు, 9 గంటల 20 నిమిషాలు.
వ్యాఖ్యానం: "కోణం ఒక్కటే కాదు. అక్కడ జూన్‌లో పగలు దాదాపు 15 గంటలు. డిసెంబరులో తొమ్మిది గంటల పైచిలుకు. గట్టి ఎండ, అదీ ఎక్కువసేపు. నేల వేడెక్కడానికి రెండూ కలిసివస్తాయి."

ఫ్రేమ్ 10 (3:00–3:16)
చిత్రం: కెమెరా జూన్ నుంచి డిసెంబరు నీడబొమ్మకు జారుతుంది. ఇప్పుడు దక్షిణార్ధగోళం సూర్యుడి వైపు. కిరణాల పట్టీ దక్షిణాన ఇరుకు, ఉత్తరాన వెడల్పు.
వ్యాఖ్యానం: "ఆరు నెలల తర్వాత సూర్యుడు ఆ పక్కన. అక్షం కదల్లేదు. ఇప్పుడు గట్టి ఎండ దక్షిణానికి. అందుకే అక్కడ డిసెంబరు, జనవరి ఎండాకాలం."

ఫ్రేమ్ 11 (3:16–3:28)
చిత్రం: మార్చి, సెప్టెంబరు నీడబొమ్మలు. వెలుగు–చీకటి గీత రెండు ధ్రువాల మీదుగా వెళ్తుంది.
వ్యాఖ్యానం: "మార్చి 20 దగ్గర, సెప్టెంబరు 22 దగ్గర ఒక్కోరోజు ఏ సగమూ సూర్యుడి వైపు వాలదు. భూమి అంతటా పగలూ రాత్రీ దాదాపు సమానం."

ఫ్రేమ్ 12 (3:28–4:00)
చిత్రం: మూడు గ్రహాలు వరుసగా, ఎర్రని అక్షాలతో. గురుడు, 3°, దాదాపు నిటారుగా. అంగారకుడు, 25°, భూమిలాగే. యురేనస్, 98°, పక్కకు పడుకుని. మొదటి రెండూ తప్పుకుంటాయి. యురేనస్ తన కక్ష్య మీద కదులుతుంటే ఒక ధ్రువం చాలాసేపు వెలుగులో, రెండోది చీకటిలో.
వ్యాఖ్యానం: "వాలు మారితే ఋతువులూ మారతాయి. గురుడు దాదాపు నిటారు, అక్కడ వాలు తెచ్చే ఋతువులు లేనట్టే. అంగారకుడికి మనలాంటి వాలే, మనలాగే ఋతువులున్నాయి. యురేనస్ పక్కకు పడుకుని తిరుగుతుంది. అక్కడి ఏడాది మన 84 ఏళ్లు. ధ్రువం దగ్గర పగలు మొదలైతే అది ముగియడానికి మన లెక్కలో 42 ఏళ్లు పడుతుంది."
గమనిక: చివరి వాక్యం తర్వాత సంగీతం పెంచవద్దు. యురేనస్ కదులుతూ ఉండగానే తెర మీద ఒక ప్రశ్న రావాలి: "భూమి వాలు సున్నా అయితే 40 డిగ్రీల అక్షాంశం దగ్గర మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడు?" జవాబు తెర మీద ఇవ్వడం లేదు. టీచర్ల పత్రంలో ఉంటుంది: ఏడాది పొడుగునా 50 డిగ్రీలు.