ఇన్వాయిస్ CG/25-26/14: డీవో మీటర్ వీడియో, బ్యాలెన్స్ పేమెంట్

నమస్తే మేడమ్, అకౌంట్స్ సార్‌ని కూడా ఈ మెయిల్‌లో కలిపానండి. వీడియో 9 జనవరి 2026 పొద్దున లైవ్ అయిపోయింది, షార్ట్ కూడా ఆ సాయంత్రమే వెళ్లింది, మీరు ఓకే చేసిన వెర్షనే, ఒక్క కట్ కూడా మార్చలేదు, పెయిడ్ ప్రమోషన్ టిక్ రెండిటికీ పెట్టాను. ఇక బిల్లు కిందే రాస్తున్నా, ఇదే సంతకంతో పీడీఎఫ్‌గా అటాచ్ చేశాను, రెండిట్లో ఒకటే నంబర్లు.

ఇన్వాయిస్ నంబర్: CG/25-26/14
తేదీ: 12 జనవరి 2026
మీ పర్చేజ్ ఆర్డర్: JS-PO-1187, 15 డిసెంబర్ 2025
బిల్లు ఎవరికి: జలదర్శి సెన్సర్స్ ప్రైవేట్ లిమిటెడ్, బాలానగర్, హైదరాబాద్
బిల్లు ఎవరి నుంచి: సత్తిబాబు, చెరువు గట్టు ఛానెల్, ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా

స్పాన్సర్డ్ వీడియో 1, వనామి చెరువులో తెల్లవారుజాము డీవో చెకింగ్: రూ. 60,000
షార్ట్ 1: రూ. 12,000
మీ యాడ్స్‌లో వాడుకునే హక్కు, 9 జనవరి నుంచి 7 ఫిబ్రవరి దాకా 30 రోజులు: రూ. 8,000
మొత్తం: రూ. 80,000
18 డిసెంబర్ అడ్వాన్స్: రూ. 40,000
బ్యాలెన్స్: రూ. 40,000, అక్షరాలా నలభై వేల రూపాయలు
194సీ కింద 1 శాతం టీడీఎస్: రూ. 400
అకౌంట్‌లో పడాల్సింది: రూ. 39,600
గడువు: 27 జనవరి 2026, మంగళవారం

జీఎస్టీ ఎందుకు లేదని అకౌంట్స్‌లో అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, నా టర్నోవర్ 20 లక్షల లోపే, రిజిస్ట్రేషన్ తీసుకోలేదు, అందుకే ఇది మామూలు ఇన్వాయిసే, ట్యాక్స్ ఇన్వాయిస్ కాదు, నేను జీఎస్టీ వసూలు చేయకూడదు, మీరు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి కూడా ఉండదు.

టీడీఎస్ మాత్రం 1 శాతమే అని ఆర్డర్‌లో రాసుకున్నాం. అడ్వాన్స్‌లో కూడా 400 పట్టుకునే 39,600 వేశారు, కాబట్టి ఇప్పుడు మొత్తం 80,000 మీద మళ్లీ పట్టుకోకండి, బ్యాలెన్స్ మీదే. డిసెంబర్‌ది 26ఏఎస్‌లో కనపడేలా రిటర్న్‌లో నా పాన్ సరిగ్గా వేయించండి సార్, ఫారం 16ఏ కూడా టైమ్‌కి పంపండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా నా డబ్బు ఇంకెవరి పాన్‌లోనో కూర్చుంటది, అది వెనక్కి తెచ్చుకోడానికి ఇద్దరం తిరగాలి.

మీటర్ విషయం: మీరు షూటింగ్‌కి పంపిన యూనిట్ రూ. 23,500ది, నా దగ్గర ఉంచుకోలేదండి, ప్రోబ్, ఛార్జర్, బాక్స్‌తో సహా 10న భీమవరం నుంచి కొరియర్ చేశాను, రసీదు ఫోటో అటాచ్‌లో ఉంది. ఉంచుకుంటే అది 20 వేలు దాటిన బెనిఫిట్ కిందకి వచ్చి 194ఆర్ టీడీఎస్ పడేది, తిరిగి ఇచ్చేశాను కాబట్టి ఆ లెక్క లేదు. మీటర్ నిజంగా బాగుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే టైమ్‌లో రీడింగ్ 3.1 దగ్గర చూపించాక ఏరియేటర్లు వేసి 4 దాటేదాకా చూపించాం కదా, ఆ ముక్క గురించే రైతులు కామెంట్స్‌లో ఎక్కువ అడుగుతున్నారు, రేటు ఎంత, ప్రోబ్ ఎన్నాళ్లొస్తది అని. వాటికి జవాబు మీ టెక్నికల్ వాళ్లు చెప్తే బాగుంటది.

డబ్బులు నెఫ్ట్‌లో వెయ్యండి, రిమార్క్స్‌లో CG/25-26/14 రాయండి, వేశాక యూటీఆర్ నంబర్ ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. అకౌంట్, ఐఎఫ్ఎస్‌సీ, పాన్ మీ వెండర్ ఫారంలో ఇచ్చినవే, అకౌంట్ చివరి అంకెలు 2093, ఏమీ మారలేదు. నా పేరుతో ఎవరైనా కొత్త అకౌంట్ పంపితే నాకు ఫోన్ చేసి నా గొంతు వినకుండా మార్చొద్దండి, ఇలాంటి మోసాలు ఇప్పుడు చాలా జరుగుతున్నాయి.

గడువు గురించి ఒక్క మాట. ఆర్డర్‌లో 15 రోజులు అని ఉంది, మధ్యలో పండగ, 26న సెలవు అన్నీ చూసుకునే 27 అవుతుంది. నేను ఉద్యమ్‌లో మైక్రో కింద రిజిస్టర్ అయ్యాను, సర్టిఫికెట్ జత చేశాను. ఒప్పుకున్న తేదీ దాటితే ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా లెక్క, అది ఇన్వాయిస్ కింద కూడా రాశాను. మన మధ్య అంత దాకా రాదని నా నమ్మకం, కానీ కెమెరా పట్టుకునే కుర్రాడికి, బోటు అద్దెకి నేను షూటింగ్ రోజునే ఇచ్చేశాను కాబట్టి తేదీ నాకు ముఖ్యం. యాడ్స్ 7 ఫిబ్రవరి తర్వాత కూడా నడపాలంటే ముందే చెప్పండి, నెలకి ఇదే 8,000 మీద వేరే బిల్లు ఇస్తాను.

బిల్లులో ఏదైనా మార్చాలంటే 14 లోపు చెప్పండి మేడమ్, అదే నంబర్ మీద దిద్దకుండా దీన్ని క్యాన్సిల్ చేసి 15 నంబర్‌తో కొత్తది ఇస్తాను. అంతా సరిగ్గా ఉంటే "అందింది, ప్రాసెస్‌లో పెట్టాం" అని అకౌంట్స్ సార్ ఒక్క లైన్ రాస్తే చాలండి.

సత్తిబాబు
చెరువు గట్టు ఛానెల్