లేట్ సబ్మిషన్, వెయిటేజీ డౌట్లకి జవాబులు (హ్యాండ్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు)

అందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి మన అనువాద కోర్సు రెండో అసైన్‌మెంట్ గడువు అయిపోయిన దగ్గర్నుంచి గ్రూప్‌లో వచ్చిన మెసేజ్‌లన్నీ ఇప్పుడే కూర్చుని మొత్తం చదివాను. ఒకరు రోజుకి ఐదు మార్కులు పోతాయన్నారు, ఇంకొకరు లేటైతే అసలు తీసుకోరన్నారు, అది చూసి ఒకావిడ "సరే అయితే నేను వేయను లెండి" అని రాసేశారు. ఆ మెసేజ్ చూసి చాలా బాధేసింది, అందుకే పోర్టల్‌లో పెట్టిన 2025–26 హ్యాండ్‌బుక్ తెరిచి, ఒక్కో ప్రశ్నకి ఏ నిబంధన వర్తిస్తుందో అందులోని మాటలతోనే రాస్తున్నా. కొటేషన్‌లో ఉన్నది హ్యాండ్‌బుక్ మాట, బయట ఉన్నది నా మాట. రెండూ కలిపేసి ఫార్వర్డ్ చేయకండి ప్లీజ్.

ముందు అర్జెంటువి. ఈరోజు డిసెంబర్ 2, మంగళవారం. ఇంకా వేయని వాళ్ళు ఇప్పుడు కూడా వేయొచ్చు. నిబంధన 5.3 ఇలా ఉంది: "గడువు ముగిసిన తరువాత 7 రోజులు దాటి అందిన అసైన్‌మెంటు మూల్యాంకనం చేయబడదు. దానికి సున్నా మార్కులు నమోదు చేయబడును." అంటే డిసెంబర్ 7 ఆదివారం రాత్రి 11:59 దాకా తీసుకుంటారు, మార్కులు కొంచెం తగ్గుతాయి అంతే. "వేయను లెండి" అన్న మేడమ్, మీరు సగం పైగా చేసేశానన్నారు కదా, దయచేసి పూర్తి చేసి పెట్టండి.

ఇక ఎంత తగ్గుతుంది అన్నది. దీని మీదే గొడవంతా. 5.2 మొత్తం ఇస్తున్నా, ఒక్క మాట కూడా వదలకుండా చదవండి:

"గడువు దాటి అందిన అసైన్‌మెంటుకు, ఆలస్యమైన ప్రతి 24 గంటలకు లేదా అందులో ఏ భాగానికైనా, ఆ అసైన్‌మెంటు గరిష్ఠ మార్కులలో 5 శాతం చొప్పున, అభ్యర్థి సాధించిన మార్కుల నుండి తగ్గించబడును. సెలవు దినములు కూడా లెక్కలోనికి వచ్చును."

ఇందులో "గరిష్ఠ మార్కులలో 5 శాతం" అన్నదే అసలు ముక్క. మీకొచ్చిన మార్కుల్లో 5 శాతం కాదు. అసైన్‌మెంట్ 50కి కాబట్టి రోజుకి రెండున్నర మార్కులు, మీకు 45 వచ్చినా 25 వచ్చినా అంతే. మొదటి క్లాసులో నేనే "మీకొచ్చిన దాంట్లో 5 శాతం పోతుంది" అని చెప్పాను, అది తప్పు, అప్పుడు 3వ పేజీలో ఉన్న చిన్న పట్టిక చూసి చెప్పాను, అందులో "ఆలస్యానికి రోజుకు 5%" అని మాత్రమే ఉంది, దేనిలో 5% అన్నది లేదు. ఈ రెండింట్లో ఏది లెక్కకొస్తుంది అని అడిగిన తమ్ముడికి జవాబు 1.4లో ఉంది: "సంక్షిప్త పట్టికలకును, భాగములలోని నిబంధనలకును వ్యత్యాసమున్నచో నిబంధనలే చెల్లును." నా మాట నమ్మి లెక్కలేసుకున్న వాళ్ళందరికీ క్షమాపణలు, ఇకనుంచి 5.2 ప్రకారమే వేసుకోండి.

రాత్రి 12:07కి అప్‌లోడ్ అయింది, ఎనిమిది నిమిషాలకి కూడా కోస్తారా అని అడిగారు. కోస్తారు. "అందులో ఏ భాగానికైనా" అని ఉంది కాబట్టి ఎనిమిది నిమిషాలైనా ఒక రోజు కిందే లెక్క. 38 వస్తే 35.5 అవుతుంది. ఫోన్‌లో టైమ్ 11:58 చూపించింది మేడమ్ అంటున్నారు కానీ 5.1 చివర్లో "పోర్టల్ నమోదు చేసిన సమయమే ప్రామాణికము" అని రాసి ఉంది, దాంట్లో ఇంక వాదించడానికి ఏమీ లేదు. ఈరోజు రాత్రి 11:59 లోపు పెడితే రెండు రోజులు, ఐదు మార్కులు. ఆఖరి రోజు అంటే ఏడో రోజు పెడితే పదిహేడున్నర.

బయట దేశాల్లో ఉన్నవాళ్ళకి: 5.1లో "భారత కాలమానం ప్రకారం రాత్రి 11:59" అని ఉంది, మీ ఊరి టైమ్ కాదు. దుబాయ్‌లో అది రాత్రి 10:29, కువైట్‌లో 9:29, డాలస్‌లో ఇప్పుడు మధ్యాహ్నం 12:29. డాలస్ అక్క ఆదివారం రాత్రి భోజనాలయ్యాక పెట్టానన్నారు, అంటే మాకు సోమవారం పొద్దున అన్నమాట, ఒక రోజు పడింది. అమెరికాలో గడియారాలు మారినప్పుడల్లా ఈ తేడా గంట మారుతుంది కాబట్టి మూడో అసైన్‌మెంట్ దాకా 12:29 గుర్తుపెట్టుకోండి, మార్చి తర్వాత మళ్ళీ చూసుకోవాలి.

తక్కువ మార్కులొస్తాయని భయపడేవాళ్ళు 5.4 చదవాలి, దీని గురించి గ్రూప్‌లో ఒక్కరు కూడా మాట్లాడలేదు. "తగ్గింపునకు ముందు 35 శాతము లేక అంతకు మించి సాధించిన అసైన్‌మెంటునకు, 5.2 ప్రకారం తగ్గింపు అనంతరం మార్కులు 35 శాతము కంటె తగ్గవు." 50కి 35 శాతం అంటే 17.5. మీకు 24 వచ్చి నాలుగు రోజులు లేటైందనుకోండి, పది తీసేస్తే 14 అవ్వాలి, కానీ 17.5 దగ్గరే ఆగుతుంది. ఇది మీకు కాపు లాంటిది. అయితే "తగ్గింపునకు ముందు" అన్న మాట చూడండి, ముందే 15 వస్తే ఈ కాపు లేదు, 15లోంచి పది పోయి ఐదు మిగులుతాయి. అందుకే లేటయ్యేటప్పుడు హడావుడిగా ఏదో ఒకటి పెట్టేయడం కన్నా ఇంకో రోజు తీసుకుని సరిగ్గా చేయడం నయం, ఆ రోజుకి పోయేది రెండున్నరే.

వెయిటేజీ సంగతి. 4.1: "ప్రతి పేపరులో అసైన్‌మెంట్లకు 30 శాతము, అనువాద ప్రాజెక్టునకు 20 శాతము, వార్షిక పరీక్షకు 50 శాతము వెయిటేజీ ఉండును." 4.2: "మూడు అసైన్‌మెంట్లలో, 5వ భాగములోని తగ్గింపులు పోను అత్యధిక మార్కులు వచ్చిన రెండింటి సగటు మాత్రమే పరిగణింపబడును."

నైట్ షిఫ్ట్ చేసే తమ్ముడు అడిగింది దీనిమీదే. మొదటి దానికి 41 వచ్చింది, రెండోది 36 వస్తుందనుకుంటున్నాడు, అయితే జనవరి 31కి ఇవ్వాల్సిన మూడోది మానేయొచ్చా అని. మానేస్తే:

```
(41 + 36) / 2 = 38.5
38.5 × 30 / 50 = 23.1
```

ముప్పైకి 23.1. నిబంధన ప్రకారం మూడోది మానేసినా తప్పేం లేదు, 4.2లో మూడూ ఇవ్వాలని ఎక్కడా లేదు. కానీ నువ్వు మూడోది వేసి 44 తెచ్చుకుని, డ్యూటీల వల్ల రెండు రోజులు లేటయిందే అనుకో, 44లోంచి ఐదు పోయి 39, అప్పుడు:

```
(41 + 39) / 2 = 40
40 × 30 / 50 = 24
```

రెండు రోజులు లేటయినా మానేసిన దానికన్నా ఎక్కువే వచ్చింది చూడు. టైమ్‌కి ఇస్తే 25.5. ఇంకో లెక్క కూడా చెప్తా, చాలామందికి ధైర్యం వస్తుంది: లెక్కలోకొచ్చే ఒక అసైన్‌మెంట్ ఒక రోజు లేటైతే పోయే రెండున్నర మార్కులు, సగటు తీసి ముప్పైకి మార్చాక పేపర్ మొత్తం నూటికి ముప్పావు మార్కు మాత్రమే. ముప్పావు మార్కు కోసం నిద్రమానుకుని జ్వరం తెచ్చుకోవద్దు, దానికోసం అసలు వేయడమే మానుకోవద్దు.

అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు బాగా చేసేస్తే పరీక్షలో ఎంతొచ్చినా పాసే కదా అని ఇద్దరు అడిగారు. కాదు. 4.3: "అసైన్‌మెంట్ల విభాగమునందును, వార్షిక పరీక్షయందును విడివిడిగా కనీసము 35 శాతము, మొత్తము మీద 40 శాతము పొందినవారే ఉత్తీర్ణులు." "విడివిడిగా" అన్న మాట కింద గీత గీసుకోండి. అసైన్‌మెంట్లకి 23.1, ప్రాజెక్టుకి 16 ఉండి, పరీక్షలో నూటికి 30 వస్తే దాన్లో సగం 15, మొత్తం 54.1 అవుతుంది, అయినా పరీక్షలో 35 లేదు కాబట్టి ఫెయిలే.

ఇంకో ప్రమాదం. రోజుకి రెండున్నరే కదా అని ప్రాజెక్టుకి కూడా ఇదే లెక్క వేసుకుంటున్నారు. 6.3 చూడండి: "ప్రాజెక్టు నివేదికకు 5.2 నుండి 5.4 వరకు గల నిబంధనలు వర్తించవు. నిర్ణీత గడువు అనంతరం అందిన నివేదిక స్వీకరింపబడదు." ఒక్క నిమిషం లేటైనా మొత్తం ఇరవై పోతాయి. గడువు ఫిబ్రవరి 28. వారం ముందే పెట్టేయండని నా విన్నపం.

డెంగ్యూతో అమ్మ ఆసుపత్రిలో ఉన్నారని మెసేజ్ పెట్టిన బాబుకి: అమ్మగారికి త్వరగా నయమవ్వాలి, ముందు అది. ఆవిడే మన విద్యార్థి కాబట్టి 5.5 వర్తిస్తుంది: "అభ్యర్థి ఆసుపత్రిలో చేరిక, ప్రసవము, కుటుంబములో మరణము, ప్రకృతి వైపరీత్యము సందర్భములలో, గడువు తేదీ తరువాత 3 పని దినములలోగా తగిన ధ్రువపత్రముతో దరఖాస్తు చేసినచో కోఆర్డినేటరు 14 రోజులకు మించని పొడిగింపు మంజూరు చేయవచ్చును." మూడు పని దినాలంటే సోమ, మంగళ, బుధ. రేపే ఆఖరు. ఇంకా డిశ్చార్జ్ కాలేదు, సమ్మరీ ఎలా అని ఆగకండి, "తగిన ధ్రువపత్రము" అనే ఉంది కానీ డిశ్చార్జ్ సమ్మరీ అని లేదు, అడ్మిషన్ కాగితం ఫోటో తీసి ఈ రాత్రికే కోఆర్డినేటర్ గారి మెయిల్‌కి పంపండి, అమ్మగారి నమోదు సంఖ్య రాయడం మర్చిపోవద్దు. ఒక మాట దాచకుండా చెప్పాలి, అక్కడ "మంజూరు చేయవచ్చును" అని ఉంది, "చేయవలెను" అని లేదు, కాబట్టి వచ్చేస్తుందని నేను మాట ఇవ్వలేను. అనువాదం నేర్చుకుంటున్నాం, ఈ రెండు మాటలకీ తేడా మనకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది.

చివరగా కరెంటు పోయిందన్న వాళ్ళు. 5.5లో కరెంటు, నెట్ అన్న మాటలు లేవు. 5.6లో "పోర్టల్ సాంకేతిక లోపమును విశ్వవిద్యాలయము ప్రకటించిన సందర్భములలో మాత్రమే" గడువు పెంచుతామని ఉంది, మన ఇంట్లో కరెంటు పోవడం దాని కిందకి రాదు. మీ ఆరుగురి సంగతీ రాసి, దీనికి ఏ నిబంధన వర్తిస్తుందో చెప్పమని కోఆర్డినేటర్ గారికి ఇవాళ మధ్యాహ్నమే మెయిల్ పెట్టాను. ఆ జవాబు కోసం చూస్తూ అప్‌లోడ్ ఆపొద్దు, ముందు పెట్టేయండి, ఆయన రాసింది రాగానే అక్షరం మార్చకుండా ఇక్కడే పెడతాను.