బెయిల్, అఫిడవిట్, టార్ట్: మామూలు మాటల్లో

ఎవరికైనా బెయిల్ వచ్చిందనగానే "కేసు కొట్టేశారట" అని ప్రచారం మొదలవుతుంది. అది నిజం కాదు. కేసు అలాగే ఉంటుంది. విచారణ ముగిసేదాకా నిందితుణ్ణి జైల్లో ఉంచాలా, బయట ఉండి వాయిదాలకు రానివ్వాలా అన్నంతవరకే బెయిల్. నేరం చేశాడో లేదో సాక్ష్యాలు విన్నాకే తేలుతుంది. అందుకే బెయిల్ దొరికినవాణ్ణి నిర్దోషి అనుకోవడం ఎంత తప్పో, దొరకనివాణ్ణి దోషిగా చూడటం అంతకంటే పెద్ద తప్పు.

జడ్జి ముఖ్యంగా చూసేవి కొన్ని ఉన్నాయి. ఆరోపణ ఎంత తీవ్రమైనది, మనిషి పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా, ఆధారాలు మాయం చేస్తాడా అని చూస్తారు. దాన్నిబట్టి షరతులు పెడతారు. పాస్‌పోర్ట్ ఇచ్చేయమనవచ్చు, వారానికోసారి స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టమనవచ్చు, ఫిర్యాదు చేసినవాళ్ల జోలికి వెళ్లొద్దనవచ్చు. షరతు తప్పితే బెయిల్ రద్దు చేసి మళ్లీ లోపలికి పంపవచ్చు.

బెయిల్ కోసం కోర్టుకు ఇచ్చే హామీ పత్రం, అంటే బాండ్ మీద రాసే మొత్తం జరిమానా కాదు, వాయిదాలకు వస్తానన్న మాటకు పూచీ. ఆ మొత్తం ఎంతైనా పెట్టొచ్చా అన్నది పాత గొడవే. మితిమీరిన బెయిల్ మొత్తం అడగకూడదని ఇంగ్లండ్‌లో 1689 నాటి హక్కుల చట్టం చెప్పింది. అమెరికా రాజ్యాంగంలో 1791లో చేరిన ఎనిమిదో సవరణ కూడా అదే చెప్పింది. డబ్బున్నవాడు బయట, లేనివాడు లోపల అన్న పరిస్థితి ఈనాటికీ పోలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇక ష్యూరిటీ, అంటే నిందితుడి తరఫున పూచీ నిలబడటం. బంధువు కదా అని మొహమాటంతో సంతకం పెట్టేవాళ్లు కాస్త ఆగి ఆలోచించాలి. నిందితుడు చెప్పకుండా వాయిదా ఎగ్గొడితే బాండ్‌లో రాసిన డబ్బు మీ దగ్గర వసూలు చేసే అధికారం కోర్టుకు ఉంటుంది.

అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి, సంతకం పెట్టి ఇచ్చే రాతపూర్వక వాంగ్మూలం. కోర్టు బోనులో నిలబడి చెప్పే మాటను కాగితం మీద చెబుతున్నారన్నమాట. అబద్ధమని తెలిసీ రాస్తే అది నేరం. "లాయరు రాసిచ్చారు, నేను సంతకం పెట్టానంతే" అన్నంత మాత్రాన బాధ్యత తప్పదు.

ఇందులో ఎక్కువమంది తడబడేది ఒక్కచోట. ఇంటి యజమాని ఒకాయన అద్దె తగాదాలో అఫిడవిట్ వేస్తున్నాడనుకుందాం. "అద్దెకున్నవాళ్లు జూన్ 5న సామాన్లు తీసుకెళ్లారు" అని రాశాడు. ఆ రోజు ఆయన ఊళ్లోనే లేడు, వాచ్‌మన్ ఫోన్‌లో చెప్పాడు. అప్పుడు "వాచ్‌మన్ చెప్పగా తెలిసింది, అది నిజమని నమ్ముతున్నాను" అని రాయాలి. చూసినట్టు రాస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో "ఆ రోజు మీరెక్కడున్నారు?" అన్న ఒక్క ప్రశ్నకు ఆయన మాట విలువ మొత్తం పోతుంది, మిగతావన్నీ నిజాలే అయినా సరే. ఖాళీలున్న కాగితం మీద సంతకం వద్దు. కొట్టివేతలుంటే పక్కన పొడి సంతకం పెట్టాలి. అసలు సంతకం ఇంట్లో పెట్టి పంపకూడదు, నోటరీ లేదా ప్రమాణం చేయించే అధికారి ఎదుటే పెట్టాలి.

టార్ట్ అన్న మాట పెద్దగా వినిపించదు కానీ రోజూ జరిగేది దానికి సంబంధించినదే. ఇద్దరి మధ్య ఒప్పందం లేకపోయినా, ఒకరి తప్పువల్ల మరొకరికి నష్టం జరిగి, పరిహారం అడిగే హక్కు వస్తే ఆ తప్పునే టార్ట్ అంటారు. నిర్లక్ష్యం, పరువు నష్టం, ఇతరుల స్థలంలోకి చొరబడటం, భరించలేని పొగ, చప్పుడు ఇవన్నీ ఇందులోకి వస్తాయి.

1928లో స్కాట్లాండ్‌లో మే డొనహ్యూ అనే ఆమె స్నేహితురాలు కొనిచ్చిన జింజర్ బీర్ తాగింది. మిగిలింది గ్లాసులో పోస్తుంటే కుళ్లిన నత్త పడిందని, దానివల్ల జబ్బు చేసిందని దావా వేసింది. డబ్బిచ్చింది ఆమె కాదు కాబట్టి ఆమెకు ఎవరితోనూ ఒప్పందం లేదు. అయినా ఆ సీసా తాగబోయేవాళ్ల విషయంలో తయారీదారుకు జాగ్రత్త పడాల్సిన బాధ్యత ఉంటుందని 1932లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్, ముగ్గురు జడ్జీలు అవునని, ఇద్దరు కాదని చెప్పగా, తేల్చింది. నిర్లక్ష్యం కేసుల్లో నేటికీ అడిగేవి అవే: జాగ్రత్త పడాల్సిన బాధ్యత ఉందా, దాన్ని తప్పారా, నష్టం దానివల్లే జరిగిందా?

ఒకే దెబ్బకు రెండు కేసులూ ఉండొచ్చు. కొట్టినందుకు శిక్ష క్రిమినల్ కోర్టు వేస్తుంది, ఆసుపత్రి ఖర్చు సివిల్ దావాలో అడగవచ్చు. శిక్షకు సహేతుకమైన సందేహం మిగలకుండా రుజువు కావాలి. పరిహారానికి, జరగలేదనడం కంటే జరిగిందనడానికే ఎక్కువ ఆస్కారం ఉందని చూపిస్తే చాలు. అందుకే క్రిమినల్ కేసు వీగిపోయినా పరిహారం రావచ్చు. కాకపోతే దావాకు గడువుంటుంది, అది దాటితే ఎంత న్యాయమైన కేసైనా మామూలుగా తీసుకోరు.

చివరగా ఎక్స్‌పార్టీ. సమన్లు అందుకుని కూడా రాకపోతే, మీ వాదన వినకుండానే తీర్పు ఇచ్చేయడం. అలా జరిగితే, రాలేకపోయిన కారణం ఆధారాలతో చూపించి తీర్పు రద్దు చేయమని అడగవచ్చు. తెలిసిన వెంటనే వెళ్లి అడగాలి.