నెలవారీ ఎంఐఎస్ రిపోర్టుల ఫైళ్లు: హ్యాండోవర్ నోట్

బెంగళూరు, 2025 నవంబర్ 14

తమ్ముడూ,

సోమవారం నుంచి నేను చెన్నై ఆఫీసులో ఉంటాను. పీణ్య, బొమ్మసంద్ర యూనిట్ల నెల రిపోర్టు ఇక నీ చేతుల మీదుగానే వెళ్తుంది. రిపోర్టు ఎలా తయారు చేయాలో మూడు నెలలుగా పక్కన కూర్చుని చూశావు కాబట్టి అది మళ్లీ చెప్పను. పంపేశాక ఆ ఫైలును ఏం చేయాలన్నది మాత్రం నీకు సరిగ్గా చెప్పలేదు. ఈ నోటు అందుకోసమే.

ముందు ఒక అనుభవం చెప్తాను. నిరుడు సెప్టెంబర్‌లో ఆడిటర్లు 2024 మార్చి క్లోజింగ్ స్టాక్ అడిగారు. అప్పట్లో ఫోల్డర్లో మూడు ఫైళ్లు ఉండేవి: `MIS Mar Final.xlsx`, `MIS Mar Final 2.xlsx`, `MIS Mar Final MD sir.xlsx`. ఒకదాంట్లో స్టాక్ 41.6 లక్షలు, మిగతా రెండింట్లో 43.2 లక్షలు. మోడిఫైడ్ డేట్ చూసి అన్నిటికంటే కొత్త ఫైలే అసలుదనుకున్నాను. నిజానికి జూన్‌లో ఎవరో ఆ ఫైలును తెరిచి, ఊరికే సేవ్ చేసి మూసేశారు. పోనీ షీట్ పైన తేదీ చూద్దామంటే అక్కడ `=TODAY()` ఫార్ములా ఉంది, ఏ రోజు తెరిస్తే ఆ రోజు తేదీ చూపిస్తుంది. చివరికి ఎండీ గారికి పంపిన మెయిల్ వెతికి, అందులోని అటాచ్‌మెంట్ తీసి తేల్చాల్సి వచ్చింది. రెండు రోజులు పోయాయి. అంతకంటే ఎక్కువ బాధపెట్టింది ఆడిటర్ గారు వేసిన ప్రశ్న: "మరి మిగతా నెలల సంగతేంటమ్మా?" నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఇప్పుడు ఏ నెలకైనా "పంపిన ఫైలు ఇదే" అని వేలు పెట్టి చూపించగలిగేది ఒక్కటే ఉంటుంది. పంపాక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నేను కూడా ముట్టుకోను.

ఫోల్డర్లు ఇలా ఉన్నాయి:

```
MIS/
  00_Template/
  FY2025-26/
    2025-10/
      1_Source/
      2_Working/
      3_Issued/
  MIS_Register.xlsx
```

నెలను పేరుతో కాకుండా అంకెతో ఎందుకు రాశానంటే, నెలల పేర్లు పెడితే ఏప్రిల్ తర్వాత ఆగస్టు, ఆ తర్వాత డిసెంబర్ వస్తాయి. `2025-10` అని రాస్తే ఏ కంప్యూటర్లోనైనా కాలక్రమంలోనే వరుసగా కనిపిస్తాయి. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌తో మొదలవుతుంది కాబట్టి వచ్చే జనవరి ఫోల్డరు `2026-01` కూడా `FY2025-26` లోపలే ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు.

ఫైలు పేరు `2025-10_MIS_PNY_R0.xlsx`. పీణ్యకు `PNY`, బొమ్మసంద్రకు `BMS`. పేరులో ముందుండేది రిపోర్టు ఏ నెలదో ఆ నెల, మనం తయారు చేసిన నెల కాదు. అక్టోబర్ రిపోర్టు నవంబర్ 7న పంపాం, అయినా పేరు `2025-10` అనే ఉంటుంది. పంపిన తేదీ రిజిస్టర్‌లో రాస్తాం. పేరులో స్పేస్‌లు వద్దు, `Final` అన్న మాట అసలే వద్దు. వర్కింగ్ ఫోల్డర్లో మాత్రం `w1`, `w2` అని నీకు కావలసినన్ని పెట్టుకో. పంపిన మొదటి కాపీ `R0`. ఆ తర్వాత తప్పు దొరికితే `R0` అలాగే ఉంచి, సరిచేసిన దాన్ని `R1`గా పంపు. ఏ అంకె ఎందుకు మారిందో రిజిస్టర్‌లో ఒక వాక్యం రాయి. తప్పు బయటపడుతుందేమోనని పాతదాన్ని చెరిపేయకు. ఆ `R0` చూసి అప్పటికే ఎవరో ఒక నిర్ణయం తీసుకుని ఉంటారు. అది ఏ అంకెల మీద తీసుకున్నారో తర్వాత తెలియాలి.

`1_Source` ఫోల్డరును తేలిగ్గా తీసుకోకు. రిపోర్టు తీసిన రోజే టాలీ నుంచి ట్రయల్ బ్యాలెన్స్, స్టాక్ సమ్మరీ ఎక్స్‌పోర్ట్ చేసి అందులో పెట్టాలి. టాలీలో ఎప్పుడైనా మళ్లీ తీసుకోవచ్చు కదా అని నేనూ అనుకునేదాన్ని. కానీ రెండు వారాల తర్వాత ఎవరైనా పాత తేదీతో ఒక వోచర్ వేస్తే అదే నెల అంకె మారిపోతుంది. అప్పుడు మన రిపోర్టు తప్పా, టాలీ మారిందా అన్నది ఆ రోజు తీసిన ఎక్స్‌పోర్ట్ ఒక్కటే చెప్పగలదు. బొమ్మసంద్ర స్టోర్స్ నుంచి వాట్సాప్‌లో వచ్చే స్టాక్ ఫోటో కూడా `2025-10_BMS_stock_photo.jpg` అని పేరు మార్చి అక్కడే పెట్టు. ఫోన్‌లో ఉంచితే పోతుంది.

పంపే కాపీ తీసేటప్పుడు ఫార్ములాలను వాల్యూస్‌గా పేస్ట్ చేసి, వేరే వర్క్‌బుక్‌లకు ఉన్న లింకులు తెంచెయ్. లేకపోతే రేపు సోర్స్ ఫైలు జరిగినా మారినా పాత రిపోర్టు అంకెలు కూడా మారొచ్చు. ఫార్ములాలున్న కాపీ `2_Working`లో ఎలాగూ ఉంటుంది. `3_Issued`లో ఎక్సెల్‌తో పాటు పీడీఎఫ్ కూడా పెట్టు, రెండిటికీ ఒకే పేరు.

పంపిన రోజే `3_Issued` ఫోల్డర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ కమాండ్ నడుపు:

```
certutil -hashfile 2025-10_MIS_PNY_R0.xlsx SHA256
```

64 అక్షరాల కోడ్ వస్తుంది. దాన్ని రిజిస్టర్‌లో ఆ ఫైలు ఎదురుగా పేస్ట్ చెయ్. ఫైలు లోపల ఒక్క అంకె మారినా తర్వాత నడిపినప్పుడు ఈ కోడ్ వేరేగా వస్తుంది. పేరు మార్చినా కాపీ చేసినా కోడ్ మారదు. ఒక నిమిషం పని. ఆడిటర్ ముందు కూర్చున్నప్పుడు టెన్షన్ ఉండదు. ఆ తర్వాత `3_Issued`ను రీడ్-ఓన్లీ చేయమని ఐటీ అన్నయ్యకు మెయిల్ పెట్టు. ప్రతి నెలా 10వ తేదీలోపు ఇది అయిపోవాలి.

ఏప్రిల్ చివర్లో, మార్చి రిపోర్టు పంపాక, ఆ ఆర్థిక సంవత్సరం ఫోల్డరు మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వెళ్తుంది. డిస్క్ ఎండీ గారి బీరువాలో ఉంటుంది. సర్వర్‌లో కాపీ, క్లౌడ్‌లో కాపీ కూడా ఉంటాయి. 2013 కంపెనీల చట్టం లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది. మన రిపోర్టు లెక్కల పుస్తకం కాకపోయినా అదే గడువు పెట్టుకున్నాం. ఇప్పుడు `FY2017-18` నుంచి ఉన్నాయి. మూడు నెలలకోసారి డిస్క్ తెప్పించి, ఏదో ఒక పాత ఫైలు తెరిచి, కోడ్ సరిపోతుందో లేదో చూడు. తెరిచి చూడని బ్యాకప్ మీద నాకు నమ్మకం లేదు. కోడ్‌లు 2024 అక్టోబర్ రిపోర్టు నుంచే ఉన్నాయి, అంతకు ముందువాటికి పీడీఎఫ్‌తో పోల్చుకో.

2024 అక్టోబర్‌కు ముందటి ఫైళ్ల పేర్లు మార్చాలని నీకు అనిపిస్తుంది, మార్చకు. పాత మెయిళ్లలో ఆ పేర్లే ఉన్నాయి. ఏ పాత పేరు ఏ నెలదో, ఏది పంపిన కాపీనో రిజిస్టర్ రెండో షీట్‌లో రాశాను. 2023 సెప్టెంబర్ బొమ్మసంద్ర ఒక్కటే మిగిలింది. రెండు ఫైళ్లున్నాయి, ఏది పంపామో మెయిల్‌లో దొరకలేదు. "తేలలేదు" అని రాసి ఉంచాను. ఊహించి ఒకదాన్ని నింపకు, తమ్ముడూ. దొరికితే ఆధారంతో రాయి.

`2025-11` ఫోల్డరు తెరిచి పెట్టాను. డిసెంబర్ 7 ఆదివారం పడింది, అందుకని 8న పంపితే చాలని ఎండీ గారి దగ్గర మాట తీసుకున్నాను. మొదటి రిజిస్టర్ ఎంట్రీ రాసేటప్పుడు ఫోన్ చెయ్, ఇద్దరం కలిసి చూద్దాం. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా సరే.

అక్క