కాంక్రీట్ మిశ్రమం, క్యూరింగ్, ఉక్కు పని: టెండర్ నిబంధనల తెలుగు పాఠం

పని: బహుళ ప్రయోజన తుఫాను రక్షణ భవనం, స్టిల్టు మీద రెండు అంతస్తులు, మచిలీపట్నం దగ్గరి తీరగ్రామం
మూలం: టెండర్ రెండో సంపుటి, సాంకేతిక నిర్దేశాలు, 5.2, 5.3, 5.4 భాగాలు
ఎవరికి: సైటు ఇంజనీరు గారికి, కాంట్రాక్టరు ఆఫీసు టెండర్ విభాగం నుంచి

మీరు అడిగిన మూడు భాగాలూ ఇవి. క్లాజు నంబర్లు మూలంలో ఉన్నట్టే ఉంచాను, శాఖవారితో మాట్లాడేటప్పుడు ఇద్దరి చేతిలోనూ ఒకే నంబరు ఉంటుంది. ‘చేయాలి’, ‘చేయరాదు’ అన్నవి తప్పనిసరి. వివాదం వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది. ‘గమనిక’ అని ఉన్నవి నా మాటలు, కాంట్రాక్టులో భాగం కావు. నిబంధనలన్నీ చదివాక నాకు అర్థమైంది ఒకటే: ఈ పనిలో బలం కన్నా ఉప్పు గురించే ఎక్కువ భయపడి రాశారు. కొన్ని షరతులు అతిగా అనిపించినప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

5.2 కాంక్రీట్ మిశ్రమం

5.2.1 పునాదులు, స్తంభాలు, దూలాలు, స్లాబులు, మెట్లు అన్నిటికీ ఎం30 గ్రేడు డిజైన్ మిక్స్ వాడాలి. ఐఎస్ 456:2000 ప్రకారం ఈ స్థలం ‘తీవ్ర’ వాతావరణ వర్గంలోకి వస్తుంది. పాళ్లు చెప్పి కలిపే నామినల్ మిక్స్ ఆర్‌సీసీ పనికి అనుమతించబడదు. ఫుటింగుల కింద వేసే 100 మి.మీ. పీసీసీ పొర ఎం15.

5.2.2 ఘనమీటరుకు సిమెంటు 340 కిలోలకు తగ్గరాదు, 450 కిలోలు మించరాదు. నీళ్లు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటరాదు. ఇసుకలో, కంకరలో ఉన్న తడిని కూడా నీళ్లలో లెక్కించాలి. ప్రతి కాంక్రీటు రోజూ పని మొదలుకాకముందు, వాన పడితే ఆ తర్వాత మళ్లీ, ఇసుక తడి కొలిచి రిజిస్టరులో రాయాలి.

గమనిక: ఐఎస్ 456 ఈ వర్గానికి 320 కిలోలు చాలంటుంది, టెండరు 340 అంటోంది. టెండరుదే పాటించాలి. నిష్పత్తి 0.45 అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు, అదీ తడితో కలిపి. తడి ఎంత నష్టం చేస్తుందో చూడండి: ఘనమీటరుకు 360 కిలోల సిమెంటు, 162 లీటర్ల నీళ్లు అనుకుందాం. 750 కిలోల ఇసుకలో 4 శాతం పైతడి ఉంటే అదొక్కటే 30 లీటర్లు. దాన్ని తీసేయకుండా మొత్తం నీళ్లూ పోస్తే 192 లీటర్లు, నిష్పత్తి 0.53 అవుతుంది. క్యూబు ఒకవేళ గట్టెక్కినా, ఉప్పుగాలి కడ్డీ దాకా వెళ్లడానికి దారి ఇచ్చినట్టే.

5.2.3 సిమెంటు: ఐఎస్ 455 ప్రకారం పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటు. ఒక పోతలో ఒకే కంపెనీ, ఒకే రకం సిమెంటు వాడాలి.

5.2.4 కంకర, ఇసుక ఐఎస్ 383:2016కు సరిపోవాలి. కంకర గరిష్ఠ పరిమాణం 20 మి.మీ. ఇసుక నదిదైనా రోబో సాండ్ అయినా రెండో జోన్ గ్రేడింగులో ఉండాలి. సముద్రపు ఇసుకగానీ, ఉప్పు కాలువల ఇసుకగానీ, కడిగినదైనా సరే, సైటులోకి రానివ్వరాదు.

5.2.5 కలపడానికీ, క్యూరింగుకూ వాడే నీళ్లను ముందుగా ల్యాబులో పరీక్షించాలి. పీహెచ్ 6కు తగ్గరాదు. ఆర్‌సీసీకి క్లోరైడు లీటరుకు 500 మి.గ్రా., సల్ఫేటు 400 మి.గ్రా. మించరాదు. గట్టిపడిన కాంక్రీటులో మొత్తం క్లోరైడు ఘనమీటరుకు 0.6 కిలోలు దాటరాదు. క్లోరైడు ఉన్న యాడ్‌మిక్స్చర్ వాడరాదు. ట్యాంకరు నీళ్ల ఖర్చు రేట్లలోనే కలిసి ఉంటుంది.

గమనిక: ఊరి బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పు తెలుస్తుంది. వాటి రిపోర్టు ఎలా వస్తుందో ముందే ఊహించవచ్చు. ట్యాంకరు నీళ్ల ఖర్చు రేట్లలోనే ఉందని 5.2.5 చివర రాశారు కాబట్టి అదనంగా అడగలేం. ఇప్పుడే ట్యాంకరు మాట్లాడుకోండి.

5.2.6 స్లంప్ పోసేచోట కొలవాలి: ఫుటింగులకు 50 నుంచి 75 మి.మీ., స్తంభాలకు, దూలాలకు, స్లాబులకు 75 నుంచి 100 మి.మీ. రెడీమిక్స్ అయితే ఐఎస్ 4926 ప్రకారం, సరుకు ఎక్కించిన 2 గంటల్లోపు దింపాలి. ప్లాంటులో కలిపిన తర్వాత లారీలో నీళ్లు కలపరాదు. స్లంప్ తగ్గితే, మిక్స్ డిజైనులో ఆమోదించిన మోతాదు మేరకే సూపర్‌ప్లాస్టిసైజరు కలపవచ్చు. అలా కలిపిన లారీ నంబరు నమోదు చేయాలి. సైటులో మిక్సరు అయితే కనీసం 2 నిమిషాలు తిప్పాలి. కాంక్రీటును 1.5 మీటర్లకు మించిన ఎత్తు నుంచి జారవిడవరాదు.

5.2.7 క్యూబులు: 150 మి.మీ. రోజుకు పోసిన పరిమాణాన్ని బట్టి శాంపిళ్లు తీయాలి: 5 ఘనమీటర్ల వరకు 1, 15 వరకు 2, 30 వరకు 3, 50 వరకు 4, ఆపైన ప్రతి అదనపు 50కి గానీ అందులో కొంత భాగానికి గానీ ఇంకొకటి. ఒక్కో శాంపిలుకు 28 రోజుల పరీక్షకు 3 క్యూబులు, 7 రోజులకు మరో 3. 28 రోజుల మూడు క్యూబుల సగటే ఒక ఫలితం. ఏ క్యూబైనా సగటుకు 15 శాతానికి మించి తేడాగా ఉంటే ఆ ఫలితం చెల్లదు.

5.2.8 ఒప్పుకోవడానికి షరతు: వరుసగా వచ్చిన నాలుగు ఫలితాల సగటు fck + 0.825 × s లేదా fck + 3, వీటిలో ఏది ఎక్కువైతే దానికి తగ్గరాదు. విడి ఫలితమేదీ fck - 3కు తగ్గరాదు. ఇక్కడ fck అంటే 30 న్యూటన్లు, చదరపు మి.మీ.కు. s అంటే ప్రామాణిక విచలనం. సైటులో లెక్క తేలేదాకా దాన్ని 5గా తీసుకోవాలి.

గమనిక: అంటే మొదటి రోజుల్లో నాలుగింటి సగటు 34.1 రావాలి. ఏ ఒక్కటీ 27కు తగ్గకూడదు. ‘ఎం30 కదా, 30 వస్తే చాలు’ అని మేస్త్రిలే కాదు, కొందరు ఇంజనీర్లూ అంటారు. మిక్స్ డిజైనులో టార్గెట్ 38.25 కన్నా తక్కువ ఉంటే ల్యాబుకు తిప్పి పంపండి. స్లాబు ఒకేసారి 42 ఘనమీటర్లు పోస్తే 4 శాంపిళ్లు, 24 క్యూబులు. ముందురోజే అచ్చులు లెక్కపెట్టుకోండి.

5.3 క్యూరింగ్

5.3.1 కాంక్రీటు పైభాగం తడి మెరుపు పోగానే పాలిథిన్ కప్పాలి. ఎండలో గానీ, వేడిగాలిలో గానీ పోస్తే ఫినిషింగ్ సాగుతుండగానే వెనక నుంచి కప్పుకుంటూ రావాలి.

5.3.2 తడి క్యూరింగ్ 14 రోజులకు తగ్గరాదు. పోసిన మర్నాటి నుంచి లెక్క. మధ్యలో ఎప్పుడైనా ఆరిపోయినట్టు కనిపిస్తే ఆ రోజు లెక్కలోకి రాదు.

గమనిక: మామూలు సిమెంటుకు ఐఎస్ 456 కనీసం 7 రోజులు అంటుంది, స్లాగు లాంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10. టెండరు 14 పెట్టింది. స్లాగ్ సిమెంటు నిదానంగా గట్టిపడుతుంది, మొదటి రెండు వారాలు తడి అందకపోతే పైపొర పిండిలా మిగులుతుంది. కవర్ అంతా ఆ పైపొరలోనే ఉంది మరి.

5.3.3 స్లాబులు: సిమెంటు మోర్టారుతో గట్లు కట్టి 50 మి.మీ. లోతు నీళ్లు నిలబెట్టాలి. మట్టి గట్లు పనికిరావు.

5.3.4 స్తంభాలు, గోడలు: సెంట్రింగ్ విప్పిన వెంటనే గోనె పట్టాలు చుట్టి, వాటి మీద పాలిథిన్ బిగించాలి. గోనె రాత్రి కూడా తడిగా ఉండాలి. ఉదయం, సాయంత్రం పైపుతో కొట్టి వదిలేయడం క్యూరింగ్‌గా లెక్కించబడదు.

5.3.5 దూలాల అడుగు, పక్కలు: గోనె నిలవనిచోట శాఖ ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే క్యూరింగ్ కాంపౌండ్ కొట్టవచ్చు. తర్వాత ప్లాస్టరింగు వచ్చే ముఖాల మీద కొట్టరాదు.

5.3.6 ప్రతి భాగం మీద పోసిన తేదీ, క్యూరింగ్ ముగిసే తేదీ పెయింటుతో రాయాలి.

గమనిక: సాగునీటి కాలువ సైటు పక్కనే ఉన్నా, పరీక్ష చేయకుండా ఆ నీళ్లు క్యూరింగుకు కూడా వాడకూడదు, 5.2.5 రెంటికీ వర్తిస్తుంది. ఆదివారం నీళ్లు పెట్టే మనిషి పేరు రిజిస్టరులో విడిగా ఉంచండి. శాఖవారు తనిఖీకి వచ్చేది సోమవారం పొద్దున్నే.

5.4 ఉక్కు

5.4.1 ఐఎస్ 1786:2008 ప్రకారం ఎఫ్ఈ 500డి కడ్డీలు. ఈల్డ్ బలం 500, తన్యబలం 565 న్యూటన్లకు (చదరపు మి.మీ.కు) తగ్గరాదు, సాగుదల 16 శాతానికి తగ్గరాదు. ప్రతి లోడుతో మిల్లు సర్టిఫికెట్ ఉండాలి. బరువులో తేడా 10 మి.మీ. వరకు 7 శాతం, 16 మి.మీ. వరకు 5 శాతం, ఆపైన 3 శాతం దాటరాదు.

గమనిక: లోడు దిగగానే ఒక మీటరు ముక్క తూచండి. 12కు 0.89, 16కు 1.58, 20కి 2.47 కిలోలు ఉండాలి.

5.4.2 కడ్డీలను నేలకు 150 మి.మీ. ఎత్తున, టార్పాలిన్ కింద ఉంచాలి. పొలుసులుగా ఊడే తుప్పు, నూనె, మట్టి, ఉప్పుపొర ఉంటే వైరు బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో కడిగాకే కట్టాలి. కట్టిన ఉక్కు 10 రోజులలోపు కాంక్రీటులోకి వెళ్లాలి.

5.4.3 కడ్డీలు చల్లగానే వంచాలి. వేడిచేసి వంచరాదు, ఒకసారి వంచింది సాపుచేసి మళ్లీ వంచరాదు. సైటులో వెల్డింగు చేయరాదు.

5.4.4 ఐఎస్ 13920:2016 ప్రకారం రింగుల కొక్కేలు 135 డిగ్రీలకు వంచి, ఆపైన కడ్డీ వ్యాసానికి 6 రెట్లు గానీ 65 మి.మీ. గానీ, ఏది ఎక్కువైతే అంత పొడవు లోపలికి వదలాలి. 90 డిగ్రీల కొక్కేలున్న రింగులు తిరస్కరించబడతాయి.

గమనిక: 8 మి.మీ. రింగుకు 6 రెట్లంటే 48 మాత్రమే, కాబట్టి 65 వదలాలి. కట్టేవాళ్లకు 90 అలవాటు, చేయి తొందరగా తిరుగుతుంది. మొదటి రోజే ఒక నమూనా రింగు వంచి బెంచీకి వేలాడదీయండి.

5.4.5 ల్యాప్ పొడవు కడ్డీ వ్యాసానికి 46 రెట్లు, 5 మి.మీ.కు పైకి సర్ది: 12కు 555, 16కు 740, 20కి 920, 25కు 1150 మి.మీ. ఒకేచోట సగానికి మించి కడ్డీలకు ల్యాప్ ఇవ్వరాదు. స్తంభాల్లో ల్యాప్ ఎత్తు మధ్య సగభాగంలోనే రావాలి, ల్యాప్ ఉన్నంత మేర రింగుల మధ్య దూరం 100 మి.మీ. దాటరాదు. దూలం, స్తంభం కలిసే జాయింటులో ల్యాప్ ఉండరాదు.

గమనిక: స్లాబు మీద నుంచి పైకి వదిలే స్టార్టర్ కడ్డీలు పొట్టిగా వదిలితే ల్యాప్ పాదం దగ్గరే పడుతుంది. కటింగ్ లిస్టు వేసేటప్పుడే పొడవు పెంచండి.

5.4.6 కవర్: ఫుటింగులకు 50, మిగతా అన్నిటికీ 45 మి.మీ. ఈ కొలత రింగుతో సహా అన్నిటికన్నా బయట ఉన్న ఉక్కుకు. 10 మి.మీ. పెరగవచ్చు, ఒక్క మి.మీ. కూడా తగ్గరాదు. కవర్ బ్లాకులు అదే గ్రేడు కాంక్రీటుతో చేసి, నీళ్లలో నానబెట్టి, మీటరుకు మించని దూరంలో కట్టాలి. రాతిముక్కలు, పెంకులు, కర్రముక్కలు వాడరాదు. బైండింగ్ వైరు కొసలు లోపలికి మడవాలి.

5.4.7 శాఖ ఇంజనీరు ఉక్కు చూసి, పోర్ కార్డు మీద సంతకం పెట్టేదాకా కాంక్రీటు మొదలుపెట్టరాదు.

గమనిక: ఒక తేడా కనిపించింది. 300 × 450 స్తంభాల డ్రాయింగులో కవర్ 40 అని ఉంది, 5.4.6లో 45. కవర్ 40 అయితే రింగు బయటి కొలత 220 × 370, 45 అయితే 210 × 360. శాఖకు ప్రశ్న రాసి పంపాను, రాతపూర్వక జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా స్తంభాల రింగులు వంచనివ్వకండి. ఫుటింగుల పని దీనివల్ల ఆగదు.