పదో తరగతి పిల్లలకు ‘పది తర్వాత దారి’ కార్యక్రమం: ప్రతిపాదన

వెంకటగిరి,
18 ఆగస్టు 2025.

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు గారికి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకు,

విషయం: 2025-26లో పదో తరగతి చదువుతున్న 91 మంది పిల్లలకు సెప్టెంబరు నుంచి వచ్చే జులై వరకు కెరీర్ కౌన్సెలింగ్ నడపడానికి అనుమతి, రూ.40,000 ఖర్చుకు ఆమోదం కోరుతూ.

మేడమ్ గారూ,

పోయిన నెలలో మన స్టాఫ్‌రూమ్‌లో మొదలైన మాటే ఇది. మార్చిలో మన దగ్గర పది రాసిన 84 మంది ఇప్పుడెక్కడున్నారని మీరు అడిగితే ఎవరమూ సరిగ్గా చెప్పలేకపోయాం. రిజిస్టరు ముందు పెట్టుకుని, నేనూ సైన్సు టీచరూ వారం రోజులు సాయంత్రాలు ఫోన్లు చేశాం. తేలింది ఇది. మొదటిసారే పాసైన 67 మందిలో 31 మంది నెల్లూరు, గూడూరు, తిరుపతిలోని ప్రైవేటు కాలేజీల్లో ఇంటర్ చేరారు. 14 మంది ప్రభుత్వ జూనియర్ కాలేజీలో, ఆరుగురు పాలిటెక్నిక్‌లో, ముగ్గురు ఐటీఐలో ఉన్నారు. మిగిలిన 13 మంది పాసై కూడా ఎక్కడా చేరలేదు. వాళ్లలో తొమ్మిది మంది ఆడపిల్లలు. ఫెయిలైన 17 మందిలో తొమ్మిది మందే సప్లిమెంటరీ రాశారు, ఆరుగురు గట్టెక్కారు. సప్లిమెంటరీ రాయని ఎనిమిది మందిలో ఐదుగురికి ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడో కూడా తెలియదు.

ప్రైవేటులో చేరినవాళ్లది తప్పని నేను అనను. కానీ 31 మందిలో 20 మందికి పైగా చెప్పిన కారణం ఒక్కటే: “ఇంటికి వచ్చి అడిగారు సార్.” పీఆర్వోలు ఇంటింటికీ తిరిగి, కన్సెషన్ అని చెప్పి, రెండు వేలు అడ్వాన్సు కట్టించుకుని వెళ్లారు. మన పిల్లల ఇంటికి వెళ్లి ఇంకో దారి కూడా ఉందని చెప్పినవాళ్లు ఎవరూ లేరు. మనమూ వెళ్లలేదు.

అసలు చిక్కు తేదీల్లో ఉంది

ఫలితాలు వచ్చాక ఆలోచిద్దాంలే అనుకోవడం మనకు అలవాటు. ఈ ఏడాది ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. అప్పటికే పాలిసెట్ దరఖాస్తుల గడువు అయిపోయింది, పరీక్ష ఏప్రిల్ 30న జరిగింది. ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీల ఏపీఆర్‌జేసీ పరీక్షకు దరఖాస్తులు కూడా ఫలితాలకు ముందే ముగిశాయి. అంటే మార్కులు చూసుకుని సంబరపడి, ఇప్పుడేం చేద్దామని పిల్లవాడు అడిగే రోజుకు సగం తలుపులు మూసేసి ఉంటాయి. తెరిచి ఉండేవి అడ్వాన్సు కట్టించుకునే తలుపులే.

ట్రిపుల్ ఐటీల సంగతి వేరు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లకు ప్రవేశం పదో తరగతి మార్కుల మీదే. పైగా ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. మన పిల్లలకు ఇంత అనుకూలంగా ఉన్న ప్రవేశం ఇంకోటి లేదు. పోయిన ఏడాది మన దగ్గర 560 దాటిన నలుగురిలో ఇద్దరే దరఖాస్తు చేశారు. మూడో అమ్మాయి వాళ్ల నాన్నకు ఆరేళ్లు హాస్టల్ అంటే భయమేసింది. నాలుగో పిల్లవాడికి ఆధార్‌లో ఒక పేరు, స్కూలు రికార్డులో ఇంకో పేరు. సచివాలయం చుట్టూ తిరిగేలోపు గడువు దాటిపోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ పాసై ఏడాదికి రూ.12,000 స్కాలర్‌షిప్ తీసుకుంటున్న పిల్లలు మనకు ఐదుగురున్నారు. అది ఇంటర్ రెండో ఏడాది దాకా వస్తుంది, కానీ ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కాలేజీలో చేరితేనే. ప్రైవేటులో చేరితే ఆగిపోతుంది. కన్సెషన్ గురించి చెప్పే పెద్దమనుషులు ఈ మాట చెప్పరు.

ఏం చేయాలనుకుంటున్నాం

సెప్టెంబరులో ప్రతి పిల్లవాడితో, ప్రతి అమ్మాయితో విడిగా పది నిమిషాలు మాట్లాడతాం. ఐదుగురు టీచర్లం ఒప్పుకున్నాం, ఒక్కొక్కరికి 18 మంది వస్తారు. మార్కుల గురించి కాదు. ఇంట్లో ఎవరేం పని చేస్తారు, హాస్టల్‌కు పంపుతారా, చేతిపని ఇష్టమా, ఏ సబ్జెక్టు చూస్తే టెన్షన్, పెళ్లి మాటలు ఏమైనా నడుస్తున్నాయా అన్నవి ఒక కాగితం మీద రాసుకుంటాం. ఆడపిల్లలతో మహిళా టీచర్లే మాట్లాడతారు. ఆ కాగితాలు మీ బీరువాలోనే ఉంటాయి.

అక్టోబరు నుంచి జనవరి దాకా శనివారాల్లో ఆఖరి రెండు పీరియడ్లు పని చేసే మనుషులను పిలుస్తాం. వీలైనంతవరకు మన పాత విద్యార్థులనే. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, ఆసుపత్రిలో నర్సు, కరెంటు లైన్‌మన్, సచివాలయ ఉద్యోగి, సొంతంగా కుట్టు యూనిట్ పెట్టుకున్న ఆమె వస్తామన్నారు. వాళ్లకు ఒకటే షరతు: మొదటి జీతం ఎంతో, ఎక్కడ ఫెయిలయ్యారో దాచకుండా చెప్పాలి. దయచేసి మోటివేషన్ స్పీకర్లను మాత్రం వద్దు. రెండేళ్ల కింద ఒకాయన వచ్చి గంటన్నర చప్పట్లు కొట్టించి వెళ్లాడు. మర్నాడు అడిగితే పిల్లలకు చప్పట్లే గుర్తున్నాయి.

పిల్లలను తీసుకెళ్లి చూపించాల్సినవి మూడున్నాయి. మొదటిది మన ఊళ్లోనే, నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ప్రగడ కోటయ్య గారి పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో పది తర్వాత మూడేళ్ల డిప్లొమా ఉంది. మన పిల్లల్లో మూడో వంతు మగ్గం ఇళ్లవాళ్లు. అయినా గత మూడేళ్లలో మన బడి నుంచి అక్కడ ఒక్కరూ చేరలేదు. కారణం నాకు తెలుసు. “మగ్గం మాతోనే పోవాలి సార్, వీడికొద్దు” అని ఒక తండ్రి నాతో అన్నాడు. గుంటలో కూర్చుని ఇరవై ఏళ్లు జామ్‌దానీ నేసిన మనిషి ఆ మాటంటే ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. కానీ అక్కడ నేర్పేది గుంటమగ్గం ముందు కూర్చోవడం ఒక్కటే కాదు. రంగుల కెమిస్ట్రీ, డిజైను, బట్ట నాణ్యత పరీక్షలు, మిల్లుల పని కూడా ఉన్నాయి. ఆ తండ్రిని కూడా పిల్లవాడితో పాటు తీసుకెళ్లి చూపించాలని నా ఉద్దేశం. చూశాక వద్దంటే అది ఆయన ఇష్టం.

రెండోది గూడూరులోని ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ సంస్థ. రైల్లో వెళ్లి రావచ్చు. అలాంటి చదువు ఒకటుందనే మన పిల్లలకు తెలియదు. మూడోది తిరుపతి. శ్రీ వేంకటేశ్వర ప్రభుత్వ పాలిటెక్నిక్, అమ్మాయిల కోసం శ్రీ పద్మావతి మహిళా పాలిటెక్నిక్, శిల్పకళ నేర్పే టీటీడీ సంస్థ ఒకే రోజులో చూడొచ్చు. బొమ్మలు గీసే పిల్లలు మన దగ్గర ఇద్దరున్నారు. వాళ్ల నోట్సుల వెనక పేజీలు చూస్తే ఆ సంస్థ పేరు నేనెందుకు చేర్చానో మీకు అర్థమవుతుంది.

ఐటీఐ గురించి మనలో మనకే చిన్నచూపు ఉంది. “చదువు రాకపోతే ఐటీఐకి పో” అని తరగతిలో నేనే అన్నాను, ఒప్పుకుంటున్నాను. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు, ఇస్రోలో టెక్నీషియన్‌కు పదితో పాటు ఐటీఐ ఉంటే దరఖాస్తు చేయొచ్చు. శ్రీహరికోట మనకు దూరమేమీ కాదు. వెల్డర్ లాంటి కొన్ని ట్రేడ్లకు ఎనిమిది పాసైతే చాలు కాబట్టి పది తప్పినవాళ్లకూ అక్కడ చోటుంది. పాలిటెక్నిక్ నుంచి ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదికి వెళ్లొచ్చన్నది కూడా తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాలి. ఇంజినీరింగ్ అంటే ఇంటర్ ఒక్కటే దారని వాళ్ల నమ్మకం.

తల్లిదండ్రుల మాట వచ్చింది కాబట్టి: వాళ్లను పగటిపూట బడికి రమ్మంటే రారు. ఆ రోజు కూలీ పోతుంది. మెగా పీటీఎంకు వచ్చినవాళ్లతో అక్కడ మాట్లాడదాం. మిగిలినవాళ్ల వీధులకు మనమే రాత్రి ఏడున్నరకు, మగ్గం దిగాక వెళ్దాం. నవంబరు, జనవరి, ఏప్రిల్‌లో మూడేసి వీధుల చొప్పున. శ్రీసిటీ, మేనకూరు ఫ్యాక్టరీ ఉద్యోగాల గురించి వాళ్లు తప్పకుండా అడుగుతారు. పద్దెనిమిది నిండకుండా ఎలాగూ తీసుకోరు. ఆ రెండు మూడేళ్లు పిల్ల ఇంట్లో ఖాళీగా ఉండటం కంటే డిప్లొమా చేస్తే అదే ఫ్యాక్టరీలో ఏ పనికి వెళ్లొచ్చో అక్కడ పనిచేస్తున్న మన పాత విద్యార్థిని చేతే చెప్పిస్తాం.

జనవరిలో కాగితాల పని. ఆధార్ పేరు, పుట్టిన తేదీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు. వినడానికి చిన్న పనే. పోయిన ఏడాది పిల్లలు పోగొట్టుకున్న సీట్లలో ఎక్కువ ఇక్కడే పోయాయి.

మార్చి, ఏప్రిల్‌లో కంప్యూటర్ గదిలో దరఖాస్తుల బల్ల పెడతాం. టీచర్లం స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లే రోజుల్లో ఇద్దరు పాత విద్యార్థులు కూర్చుంటామన్నారు. గది తాళం, ఇంటర్నెట్ వాడుకోవడానికి మీ అనుమతి కావాలి. ఫలితాల రోజు మొదటి ఫోన్లు ఫెయిలైనవాళ్లకే చేస్తాం. సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ చెప్పి, మేలో రోజూ రెండు గంటలు మ్యాథ్స్, సైన్స్ నేను, సైన్సు టీచరు చెప్తాం. దీనికి డబ్బేమీ అక్కర్లేదు.

వంద రోజుల ప్రణాళిక మధ్యలో ఇదెక్కడ సరిపోతుందని మన స్టాఫ్‌లో కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే బరువంతా డిసెంబరుకు ముందే పెట్టాను. జనవరిలో పిల్లలకు మిగిలేవి రెండు శనివారాలు, కాగితాలు. ఫిబ్రవరిలో ఏమీ లేదు.

ఖర్చు

తిరుపతికి ఆర్టీసీ బస్సు అద్దె రూ.17,000. గూడూరు రైలు టికెట్లు, టిఫిన్లు రూ.2,500. పిల్లలకిచ్చే 16 పేజీల తెలుగు పుస్తకం వంద కాపీలు రూ.4,000. ప్రింటవుట్లు, ఫొటోలు, ఇంటర్నెట్ రూ.3,000. వచ్చే అతిథుల బస్సు చార్జీలు, భోజనం రూ.3,500. పాలిసెట్ ఫీజు ఓసీ, బీసీలకు రూ.400, ఎస్సీ, ఎస్టీలకు రూ.100. పాతిక మందికి మనమే కట్టేలా రూ.10,000 దాకా పక్కన పెట్టాను. మొత్తం రూ.40,000. ఇందులో రూ.25,000 2001-02 బ్యాచ్ వాళ్లు ఇస్తామని నోటిమాటగా ఒప్పుకున్నారు. కమిటీ నుంచి అడుగుతున్నది రూ.15,000. డబ్బు నా చేతికి వద్దు. కమిటీ ఖాతా నుంచి బిల్లు మీదే ఇవ్వండి.

మరో విన్నపం, కాస్త ఇబ్బందికరమైనదే. పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్ల జాబితా ఏ కాలేజీ మనిషికీ ఇవ్వకూడదని, పీఆర్వోలను బడి ఆవరణలోకి రానీయకూడదని కమిటీ తీర్మానం చేయాలి. మనలో ఎవరో ఇచ్చారని నేను అనడం లేదు. కానీ ఆ నంబర్లు వాళ్లకు గాలిలోంచి రాలేదు.

పని జరిగిందో లేదో వచ్చే జులై 31న చూద్దాం. ఎన్ని సీట్లు వచ్చాయన్న లెక్క కాదు నాది. 91 పేర్ల ఎదురుగా ఎక్కడున్నారో రాసి మీకు అప్పగిస్తాం. ‘తెలియదు’ అని ఒక్క పేరు దగ్గర కూడా ఉండకూడదు. ఎక్కడా చేరనివాళ్లు పోయిన ఏడాది 13 మంది. వాళ్లు ఐదుకు తగ్గకపోతే రెండో ఏడాది డబ్బు అడగను.

ఈ నెలాఖరు కమిటీ సమావేశంలో దీన్ని చర్చకు పెట్టి, నాకు పది నిమిషాలు ఇప్పించగలరని మనవి. పోయిన ఏడాది పిల్లల జాబితా, పిల్లలతో మాట్లాడేటప్పుడు నింపే కాగితం నమూనా ఈ ఉత్తరంతో జత చేశాను.

ఇట్లు,
భవదీయుడు,
స్కూల్ అసిస్టెంట్, గణితం
పదో తరగతి ‘బి’ సెక్షన్ క్లాస్ టీచర్